ముప్పై నాలుగు మందికి ఒకే తాళంచెవి

కువైట్లో అమ్ఘరా అనగానే ఇక్కడ ఉండేవాళ్ళకి గుర్తొచ్చేది పాత ఇనుము, కలప, లారీలు, దుమ్ము. నేను కన్సల్టెంటుగా పని చూసే యార్డు ఒకటి అక్కడే ఉంది. అక్కడ అకౌంట్సు చూసే రాజమండ్రి అన్నగారు ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక కాగితం నా చేతిలో పెట్టారు. "మీ వదిన రాసింది. ప్రిన్సిపాలుకి ఇవ్వాలట. కంప్యూటరు సంగతి కాబట్టి నువ్వొకసారి చూస్తే బాగుంటుందంది" అన్నారు. వదిన గారు ఇక్కడి ఒక సీబీఎస్ఈ స్కూల్లో కంప్యూటరు టీచరు. ఆ ఉత్తరంలో ఆవిడ అడుగుతున్నది ఒక్కటే: ఏడో తరగతి బి సెక్షన్లో పిల్లలందరికీ కలిపి ఉన్న ఒక్క ఖాతా తీసేసి, ఎవరి లాగిన్ వాళ్ళకి ఇవ్వమని.

చిన్న కోరికే. కానీ ఆ కాగితం మీద మేమిద్దరం రెండు సాయంత్రాలు కూర్చోవలసి వచ్చింది. ఉమ్మడి లాగిన్ వాడే స్కూళ్ళు, ఆఫీసులు మనవాళ్ళు పని చేసే చోట్ల చాలానే ఉన్నాయి కాబట్టి, ఈసారి దాని గురించే మాట్లాడుకుందాం.

అసలేం జరిగింది?

ఆ స్కూలు గూగుల్ వారి విద్యాసంస్థల సేవను వాడుతోంది. మెయిలు, డ్రైవు, క్లాస్‌రూమ్ అన్నీ అందులో వస్తాయి. టీచర్లందరికీ విడివిడి ఖాతాలున్నాయి. పిల్లలకి మాత్రం సెక్షనుకి ఒకటి. 7బి ఖాతా పాస్‌వర్డు ముప్పై నాలుగు మంది పిల్లలకీ తెలుసు. వాళ్ళ ఇళ్ళలో అన్నలకీ అక్కలకీ కూడా తెలుసు. పెట్టినప్పుడు ఎవరూ చెడ్డ ఉద్దేశంతో పెట్టలేదు. చిన్నపిల్లలు పాస్‌వర్డులు మర్చిపోతారు, ల్యాబ్ పీరియడు నలభై నిమిషాలే, ఒకటైతే బోర్డు మీద రాసేయొచ్చు అనుకున్నారు.

ఒక గురువారం ప్రాజెక్టులు చూపించాలి. పొద్దున్న తెరిచి చూస్తే ఒక జట్టు పిల్లల స్లయిడ్లు లేవు. ముందురోజు సాయంత్రం వరకూ ఉన్నాయి. ల్యాబ్లో ఆఖరున కూర్చున్న అబ్బాయికీ ఆ జట్టుకీ అంతకు ముందే ఏదో గొడవ ఉంది. ఇంకేం, అందరూ అతని వైపే చూశారు. "నేను కాదు మిస్" అని ఆ పిల్లవాడు ఏడ్చాడు. వదిన గారు కూడా ఆ క్షణాన అతన్నే అనుమానించానని నాతో చెప్పారు. "వాడు చేశాడని నా దగ్గర ఋజువు లేదు తమ్ముడూ, చేయలేదని చెప్పడానికీ లేదు. ఆ రెండోదే నాకు నిద్ర పట్టనివ్వలేదు" అన్నారు.

ఫైలు పోలేదు. డ్రైవులో తీసేసినది ముప్పై రోజుల పాటు చెత్తబుట్టలో ఉంటుంది. అక్కడ దొరికింది, పది నిమిషాల్లో వెనక్కి తెచ్చారు. ఎవరు తీశారన్నది మాత్రం దొరకలేదు. స్కూలు ఐటీ ఆయన లాగు తెరిస్తే అందులో చర్య, సమయం, ఖాతా పేరు, ఇంటర్నెట్ చిరునామా ఉన్నాయి. ఖాతా పేరు 7బి. అది ముప్పై నాలుగు మందిలో ఎవరైనా కావచ్చు. ఇక చిరునామా చూస్తే, అది స్కూలుదే. ల్యాబ్లో ఇరవై కంప్యూటర్లున్నా బయటికి వెళ్ళేటప్పుడు అన్నీ ఒకే రౌటరు గుండా, ఒకే చిరునామాతో వెళ్తాయి. కాబట్టి అదీ పనికిరాలేదు.

మా యార్డు కాటా దగ్గర కూడా ఇదే కథ

ఇది వింటుంటే నాకు మా యార్డు వే బ్రిడ్జి గుర్తొచ్చింది. తుక్కు లారీని ముందు సరుకుతో తూస్తారు, దించాక ఖాళీగా తూస్తారు. తేడాయే సరుకు బరువు, దానికే డబ్బు. నేను చేరిన కొత్తలో ఆ కంప్యూటరుకి ఉన్న లాగిన్ ఒక్కటే, `scale` అని. మూడు షిఫ్టుల వాళ్ళూ అందులోనే పని చేసేవారు. ఒకసారి 23,480 కిలోలని ఉండవలసిన చీటీ 21,480 అయింది. ఒక్క అంకె. వేలు జారిందో, కావాలని మార్చారో చెప్పలేం. రెండు టన్నుల తేడాకి ముగ్గురు ఆపరేటర్లనీ పిలిచి అడిగారు. ముగ్గురికీ అవమానమే. అందులో కనీసం ఇద్దరికి ఆ చీటీతో సంబంధం లేదు కదా!

ఉమ్మడి లాగిన్ అనగానే మనం "బయటివాళ్ళు చొరబడతారు" అనే భయం దగ్గరే ఆగిపోతాం. తప్పు జరిగినప్పుడు తప్పు చేయనివాడికి తప్పుకునే దారి లేకపోవడం అంతకన్నా తరచుగా ఎదురయ్యే నష్టం. వదిన గారి ఉత్తరానికి వెన్నెముక ఇదే కావాలని ఆ రోజే అనుకున్నాం.

కంప్యూటరుకి ఖాతా అంటే ఏమిటి?

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్దాం. 1960లకు ముందు పెద్ద కంప్యూటర్ల మీద ఒకరి పని అయ్యాక ఇంకొకరి పని నడిచేది. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కొర్బాటో బృందం 1961లో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను చూపించింది. ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి, వేరువేరు టెర్మినళ్ళ నుంచి వాడుకునే ఏర్పాటు అది. అలా వాడేటప్పుడు ఎవరి ఫైళ్ళు వాళ్ళకి ఉండాలి, ఎవరి వంతు సమయం వాళ్ళకి లెక్కలో పడాలి. అందుకోసం ప్రతివారికీ ఒక పేరు, ఒక పాస్‌వర్డు ఇచ్చారు. అంటే పాస్‌వర్డు పుట్టింది రహస్యాలు దాచడానికని కన్నా, "ఇది నీది, అది నాది" అని యంత్రానికి తెలియడానికి అనడమే సబబు.

పాస్‌వర్డు దుర్వినియోగం కూడా అక్కడే మొదలైంది. తనకు కేటాయించిన సమయం చాలక 1962లో ఆలన్ షేర్ అనే పరిశోధక విద్యార్థి పాస్‌వర్డుల ఫైలు మొత్తం ప్రింటు తీయించుకుని ఇతరుల ఖాతాల్లో పని చేసుకున్నాడు. ఆ సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఆయనే చెప్పాడు.

ఇప్పటికీ సూత్రం అదే. డ్రైవులో ప్రతి ఫైలుకీ ఒక సొంతదారు ఉంటాడు. ఆ సొంతదారు ఖాతాయే కానీ మనిషి కాదు. 7బి ఖాతాలో ఉన్నవన్నీ 7బివే. అందులోకి వచ్చిన ప్రతి పిల్లవాడూ ప్రతి ఫైలుకీ పూర్తి సొంతదారు. ఎవరైనా "పాతవి తీసేద్దాం" అని నొక్కితే అందరివీ పోతాయి. విడి ఖాతాలుంటే, నా ఫైలు నీకు దిద్దడానికి ఇచ్చినా నువ్వు దాన్ని నీ వైపు నుంచి తొలగించుకోగలవు, లోపలి రాతలు మార్చగలవు, కానీ నా ఫైలును చెత్తబుట్టలో పడేయలేవు. లోపల మార్చినదాన్ని కూడా, ఎవరు మార్చారో పేరుతో సహా పాత ప్రతుల చరిత్రలో చూసి వెనక్కి తెచ్చుకోవచ్చు. అంటే ఆ గురువారం జరిగినది ఎవరు చేశారో తెలియడం అలా ఉంచి, చాలావరకు జరిగేదే కాదు.

మొదటి ఉత్తరంలో లోపం

వదిన గారి మొదటి కాగితం రెండు పేజీలు. సైబర్ నేరాలు, హ్యాకర్లు, వార్తల్లో వచ్చినవి అన్నీ ఉన్నాయి. ఆ అబ్బాయి పేరు కూడా ఉంది. అసలు కోరిక రెండో పేజీ చివర ఉంది. "అక్కా, ప్రిన్సిపాలు గారు ఇది చదివి ఏం చేయాలి?" అని అడిగాను. ఆవిడ ఆలోచించి, "సరే చూద్దాం అని పక్కన పెడతారు" అని నవ్వారు.

స్కూలు నడిపేవాళ్ళకి మూడు విషయాలు కావాలి: ఖర్చెంత, పని ఎవరి మీద పడుతుంది, సరిగ్గా కుదరకపోతే వెనక్కి రావచ్చా. ఆ మూడూ మొదటి ఉత్తరంలో లేవు. పిల్లవాడి పేరు తీసేశాం. ఋజువు కాని విషయంలో పేరు కాగితం మీదికెక్కితే అది ఫైల్లో ఉండిపోతుంది. చివరికి తయారైన ఉత్తరం ఇంగ్లీషులో ఒక పేజీ. తెలుగులో ఇలా ఉంటుంది:

> గౌరవనీయులైన ప్రిన్సిపాలు గారికి,
>
> ఏడో తరగతి బి సెక్షన్లోని 34 మంది విద్యార్థులకు ఇప్పుడున్న ఒకే ఉమ్మడి ఖాతా బదులు, ఒక టర్ము పాటు ప్రయోగంగా విడివిడి ఖాతాలు ఇవ్వడానికి మీ అనుమతి కోరుతున్నాను.
>
> గత గురువారం ఒక జట్టు ప్రాజెక్టు ఉమ్మడి ఖాతాలోంచి తొలగిపోయింది. అదే రోజు తిరిగి తెచ్చాం. ఎవరు తొలగించారో తెలుసుకునే మార్గం మాత్రం లేదు. రికార్డులో కనిపించేది సెక్షను పేరే. అందువల్ల ఒక విద్యార్థి మీద అనుమానం పడింది. అతను చేశాడనీ చేయలేదనీ నేను తేల్చలేను. నా తరగతిలో ఏ పిల్లవాడికీ ఈ పరిస్థితి మళ్ళీ రాకూడదు.
>
> రోజువారీ పనిలో ఇంకో రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, క్లాస్‌రూమ్‌లో ఒక ఖాతాకు ఒక అసైన్‌మెంటు మీద ఒకే సమర్పణ ఉంటుంది. కాబట్టి 34 మంది పనినీ నేను మెయిలు, వాట్సాప్, పెన్‌డ్రైవులలో తీసుకుంటున్నాను. రెండవది, పిల్లలు వేరువేరు ఇళ్ళ నుంచి ఒకే ఖాతాలోకి వెళ్ళినప్పుడు అది అనుమానాస్పదంగా కనిపించి, మీరేనా అని నిర్ధారించమని కోడ్ నా ఫోనుకు వస్తోంది. నేను ఫోను చూడకపోతే ఆ పిల్లలకు ఆ సాయంత్రం హోంవర్కు లేనట్టే.
>
> ఖర్చు: మనం వాడుతున్నది ఉచిత శ్రేణి కనుక, విద్యార్థుల ఖాతాలకు అదనంగా చెల్లించవలసినది లేదు.
>
> పని: పేర్ల జాబితా నేను తయారు చేస్తాను. ఐటీ విభాగం ఒకసారి ఎక్కించాలి. ఆ తర్వాత ఈ సెక్షను వరకు పాస్‌వర్డు మార్చే అధికారం నాకిస్తే, మర్చిపోయినవారి పని నేనే చూసుకుంటాను.
>
> తల్లిదండ్రులు: ఖాతాలు తెరిచే ముందు అంగీకార పత్రం తీసుకుంటాను. పిల్లలకు బయటివారితో మెయిలు సౌకర్యం ఉండదు.
>
> టర్ము చివర, పాస్‌వర్డుల కోసం పోయిన తరగతి సమయం ఎంత, క్లాస్‌రూమ్‌లోనే వచ్చిన అసైన్‌మెంట్లెన్ని అన్న లెక్క మీకు ఇస్తాను. లాభం లేదని మీరు భావిస్తే పాత పద్ధతికి వెళ్దాం. ఉమ్మడి ఖాతాను అప్పటివరకు తీసివేయకుండా, వాడకం మాత్రం ఆపి ఉంచుతాం.
>
> ఇట్లు,
> కంప్యూటరు ఉపాధ్యాయిని

ఇందులో హ్యాకర్ల మాట ఒక్కటి కూడా లేదు, గమనించారా? ఆ స్కూల్లో హ్యాకర్లు రాలేదు కాబట్టి రాయలేదు. జరిగినదే రాశాం.

పేర్లు, పాస్‌వర్డులు ఎలా పెట్టాలి?

ప్రిన్సిపాలు గారు ఉత్తరం చదివి ఐటీ ఆయన్ని పిలిపించారు. ఆయన మొదటి మాట, "ముప్పై నాలుగు ఖాతాలు చేత్తో చేయాలా?" అని. అక్కర్లేదు. నిర్వాహకుల పేజీలో ఒక జాబితా ఫైలు ఎక్కిస్తే ఒకేసారి తయారవుతాయి. ఆ ఫైలు ఇలా ఉంటుంది (పేర్లు, చిరునామా ఊహించినవి):

```
First Name [Required],Last Name [Required],Email Address [Required],Password [Required],Org Unit Path [Required],Change Password at Next Sign-In
Student,One,s4127@school.example,kite-52-river,/Students/7B,TRUE
Student,Two,s4133@school.example,lamp-18-mango,/Students/7B,TRUE
```

ఈ మూడు వరుసల్లో మూడు సంగతులున్నాయి.

మొదటిది ఖాతా పేరు. `s4127` అన్నది అడ్మిషన్ నంబరు. చాలా స్కూళ్ళు ఇక్కడ తరగతి పేరు కలుపుతాయి, 7b-ravi అన్నట్టు. వచ్చే ఏడాది పిల్లవాడు ఎనిమిదికి వెళ్తాడు. అప్పుడు ప్రతి ఖాతా పేరూ మార్చాలి. తరగతి అనేది మారేది కాబట్టి దాన్ని `/Students/7B` అనే విభాగంలో ఉంచాం. ఏడాది చివర విభాగం మారుస్తే చాలు, పేరూ ఫైళ్ళూ అలాగే ఉంటాయి. అడ్మిషన్ నంబరు పిల్లవాడు స్కూలు వదిలేదాకా మారదు.

రెండవది మొదటి పాస్‌వర్డు. ఐటీ ఆయన సివిల్ ఐడీ నంబరు పెడదామన్నారు. కువైట్లో ఉన్నవాళ్ళకి తెలుసు, ఆ పన్నెండంకెల నంబరులో మొదటి అంకె శతాబ్దాన్ని చెప్తుంది, తర్వాతి ఆరు పుట్టిన సంవత్సరం, నెల, రోజు. క్లాసులో చాక్లెట్లు పంచిన ప్రతి పుట్టినరోజూ అందరికీ గుర్తే. పైగా సివిల్ ఐడీ ఇక్కడ మన బతుకు మొత్తానికి తాళంచెవి, దాన్ని స్కూలు లాగిన్‌కి వాడకూడదు. అందుకని ఒక్కొక్కరికి ఒక్కో జత తేలిక మాటలు, మధ్యలో రెండంకెలు పెట్టాం. ఎనిమిది అక్షరాలకి తక్కువ కాకుండా, పిల్లలు టైపు చేయగలిగేలా ఉంటుంది. వీటిని ఏ వరసలోనూ కాకుండా కలిపేసి ఇవ్వాలి. 4127కి ఒకటి, 4128కి రెండు అన్నట్టు ఇస్తే ఏడో తరగతి పిల్లలు ఒక పీరియడులో కనిపెట్టేస్తారు!

మూడవది చివరి గడి, `TRUE`. మొదటిసారి లోపలికి వెళ్ళగానే పాస్‌వర్డు మార్చుకోమని అడుగుతుంది. అప్పటినుంచి అది టీచరుకి కూడా తెలియదు. అలా తెలియకపోవడమే మంచిది. టీచరుకి అందరి పాస్‌వర్డులూ తెలిస్తే లాగులో ఉన్న పేరుకి మళ్ళీ విలువ ఉండదు.

ఎక్కించడం అయ్యాక ఆ జాబితా ఫైలును తీసేయాలి. ముప్పై నాలుగు పాస్‌వర్డులున్న ఫైలు ల్యాబ్ కంప్యూటర్లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పడి ఉండటం నేను కళ్ళారా చూశాను.

మర్చిపోయినవాళ్ళ మాటేమిటి? దీనికోసం గూగుల్ నిర్వాహక వ్యవస్థలో `Help Desk Admin` అనే పాత్ర ఉంది. అది ఉన్నవారు నిర్వాహకులు కానివారి పాస్‌వర్డు మార్చగలరు, ఖాతాలు సృష్టించలేరు, తీసేయలేరు. దాన్ని ఒక విభాగానికే పరిమితం చేయవచ్చు. వదిన గారికి `/Students/7B` వరకే ఇచ్చారు. ఐటీ ఆయన కోసం క్లాసు మొత్తం ఎదురుచూడనక్కర్లేదు.

ఏమైంది, ఏం కాలేదు

మొదటి వారం తొమ్మిది మంది మర్చిపోయారు. రెండు పీరియడ్లు దాదాపు వృథా. వదిన గారు నిజంగానే బెంగ పెట్టుకున్నారు. రెండో వారం ముగ్గురు. నెల తిరిగేసరికి వారానికి ఒకరు, అదీ ఎక్కువగా సెలవు తర్వాత. అసైన్‌మెంట్లు ఎవరి పేరు మీద వారివి వస్తున్నాయి. రాత్రి తొమ్మిదికి ఆవిడ ఫోనుకి కోడ్‌లు రావడం ఆగింది. టర్ము చివర లెక్క ఇచ్చాక మిగతా ఏడో తరగతి సెక్షన్లకి కూడా ఇచ్చారు. ఒకటి, రెండు తరగతులకి మాత్రం ఉమ్మడి ఖాతాయే ఉంచారు. అక్షరాలే వెతుక్కునే పిల్లలతో పాస్‌వర్డు టైపు చేయించడం వల్ల అయ్యేదేమీ లేదని వదిన గారే చెప్పారు. అక్కడ పిల్లలు దాచుకునే సొంత పని కూడా తక్కువ.

ఒక హెచ్చరిక. విడి లాగిన్ ఇచ్చినంత మాత్రాన లాగులో ఉన్న పేరు మనిషి అయిపోదు. ఒక పిల్లవాడు లాగవుట్ చేయకుండా గంట కొట్టగానే లేచిపోతాడు, పక్కవాడు అదే కుర్చీలో కూర్చుంటాడు. స్నేహితురాలికి పాస్‌వర్డు చెప్తుంది ఇంకో అమ్మాయి. కాబట్టి లాగు చూపించి "నువ్వే చేశావు" అనకూడదు. "నీ ఖాతాలోంచి ఇలా జరిగింది, ఆ సమయానికి నువ్వెక్కడున్నావు?" అని అడగాలి. ముప్పై నాలుగు మందిని అనుమానించే చోట ఒకరితో మాట్లాడగలుగుతాం, అంతే. ల్యాబ్ నుంచి లేచేటప్పుడు లాగవుట్ అయ్యారా అని చూసే పని ఇప్పుడు ప్రతి వరసలో ఒక పిల్లవాడికి అప్పగించారు.

మా యార్డు కాటా దగ్గర కూడా ముగ్గురికి మూడు లాగిన్లు పెట్టాం. తర్వాత ఒకసారి ఇలాంటి అంకె తప్పే పడితే, ఆపరేటరు తనే వచ్చి "నాదే సార్, లారీ నంబరు చూస్తూ కొట్టేశాను" అన్నాడు. సరిచేశారు, చీటీ మీద రాశారు, అయిపోయింది.

ఆ గురువారం స్లయిడ్లు ఎవరు తీశారో ఈ రోజుకీ తెలియదు. ఇక తెలిసే వీలూ లేదు. వదిన గారు ఆ అబ్బాయిని పిలిచి, తను అనుమానించినందుకు క్షమించమని క్లాసు ముందే చెప్పారట. కొత్త ఖాతాల రోజున మొదటి చీటీ అందుకున్నది వాడేనని అన్నగారు మొన్న అమ్ఘరాలో టీ తాగుతూ చెప్పారు.